ఇంట్లో ఉసిళ్లు: గోదావరి డెల్టా ఇళ్లలో తొలకరి చెద సంకేతం

ఉసిళ్లు అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. వేసవి ఎండలు ముగిసి మొదటి గట్టి వాన పడ్డాక, నేల తడిసి గాలి ఆగిన సాయంత్రం ఇవి వందలూ వేలుగా పైకి లేస్తాయి. వెలుగు కనబడిన చోటికల్లా ఎగిరి, గంట తిరక్కుండానే రెక్కలు రాల్చి నేల మీద పాకుతాయి. రెక్కలతో ఉన్న ఉసిలి చెక్క తినదు, బియ్యం తినదు, బట్టలు కొరకదు. పుట్టినచోటు వదిలి జత కట్టి మరో గూడు పెట్టడమే దాని పని. అందుచేత ఇంట్లో కనబడిన ఉసిళ్ల వల్ల కలిగే నష్టం ఏమీ లేదు. అవి ఎక్కడి నుంచి బయల్దేరాయన్నదే తెలుసుకోవలసిన సంగతి. కిటికీలోంచి వెలుగుకు వచ్చినవైతే ఊడ్చి పారేస్తే చాలు. గచ్చు పగులులోంచో ద్వారబంధం మొదట్లోంచో వచ్చినవైతే ఆ ఇంటి కిందో పక్కనో కొన్నేళ్ల వయసున్న చెద గూడు ఉన్నట్టే.

ఆత్రేయపురం లాంటి ఊళ్లో ఈ రెండూ ఒకే సాయంత్రం జరగవచ్చు. కోనసీమ తలాపున, ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఉన్న ఈ ఊరి చుట్టూ వరిచేలు, కొబ్బరి తోటలు, అరటి తోటలు, వాటి మధ్య కాలువగట్లు ఉన్నాయి. గట్ల మీదా తోటల్లోనూ చెదలకు తిండి పుష్కలం. ఎండుటాకు, కొబ్బరి మట్ట, మోడు, పాత కంచె కర్ర, ఏదైనా సరే. డెల్టా కాలువలను వేసవిలో కట్టేసి జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. వానా కాలువ నీరూ ఇంచుమించు ఒకేసారి నేలను తడుపుతాయి. కాబట్టి ఇక్కడ ఉసిళ్ల కాలం, చెదమందు పోయడానికి అంతగా అనువుకాని కాలం ఒకటే అవుతాయి. ఈ ఇబ్బందిని దృష్టిలో పెట్టుకునే ఇక్కడి ఇంటి యజమాని తన పని తేదీలు వేసుకోవాలి.

ఎందుకు లేస్తాయి

చెద గూట్లో రాజు, రాణి, కూలీలు, సైనికులు ఉంటారు. గూడు పెట్టిన మొదటి కొన్నేళ్లూ రాణి పెట్టే గుడ్లలోంచి దాదాపు అన్నీ కూలీలూ సైనికులే వస్తారు. గూడు బలపడ్డాకే రెక్కల తరం మొదలవుతుంది. సాధారణంగా ఇందుకు మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. అందుకే ఇంట్లోంచి ఉసిళ్లు లేచాయంటే, ఆ గూడు ఈ ఏడాది వచ్చింది కాదని చెప్పవచ్చు. అంతకుమించి అవి ఏమీ చెప్పవు. ఎంత చెక్క పోయిందో ఉసిళ్ల లెక్కను బట్టి తెలియదు. గూడు ఇంటికి పది గజాల దూరాన తోటలో ఉండి, ఒక దారి మాత్రమే గోడ కిందుగా వచ్చి ఉండవచ్చు కూడా.

రెక్కల తరం వానకు ముందే నేలలో సిద్ధమై ఉంటుంది. వాన పడి మట్టి మెత్తబడగానే కూలీలు సన్నని చీలికల్లాంటి ద్వారాలు తెరుస్తారు, సైనికులు వాటి అంచున కాపలా ఉంటారు. తేమ ఎక్కువగా ఉండి గాలి ఊపు లేని వేళ చూసి ఉసిళ్లు బయటికి వస్తాయి. ఒకే వాన ఊరంతా పడుతుంది గనుక చుట్టుపక్కల ఒకే జాతి గూళ్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దానివల్ల ఒక గూటి ఆడది వేరే గూటి మగదానితో జత కట్టే వీలు కలుగుతుంది. ఉసిళ్లు లేస్తే వాన వస్తుందని పెద్దలు అనుకోవడంలో కొంత నిజముంది. ఉక్కపోసే మబ్బు వాతావరణంలోనే అవి లేస్తాయి, అలాంటప్పుడు మరో వాన పడటం మామూలే. అయితే ముందు పడిన వానే వాటిని లేపింది.

నేలకు దిగాక ఆడ ఉసిలి రెక్కలు విదిల్చేస్తుంది. మగది దాని వెంటే నడుస్తుంది. రెండూ కలిసి తడి మట్టిలో చిన్న గది తవ్వుకుని లోపల మూసుకుంటాయి. అంతవరకూ బతికేవి చాలా తక్కువ. బల్లులు, కప్పలు, కాకులు, పసులపోలిగాళ్లు, గబ్బిలాలు, చీమలు ఆ సాయంత్రమే చాలావాటిని తినేస్తాయి. గచ్చు మీదా పలకల మీదా రాలినవి తడి దొరక్క మర్నాటికి ఎండి చస్తాయి. సిమెంటు నేల మీద పాకే ఉసిళ్ల జంట ఆ ఇంట్లో గూడు పెట్టే అవకాశం దాదాపు లేదు.

మనుషులూ వీటిని తిన్నారు. తెలుగునాట చాలాచోట్ల ఉసిళ్లను పట్టి వేయించుకు తినడం ఉంది. ఈ పట్టే పద్ధతిని యూరప్‌కు తెలియజేసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. తరంగంబాడి డేనిష్ స్థావరంలో పనిచేసిన ఈ ప్రకృతి శాస్త్రవేత్త 1779లో దక్షిణ భారతపు చెదల మీద జర్మన్ భాషలో వ్యాసం అచ్చువేశాడు. గూటికి గాలివాటం వైపు ఒక రంధ్రం, ఎదుటివైపు మరో రంధ్రం చేసి, ఒకచోట పొగపెట్టి, రెండోచోట కుండ మూతి ఆనించి ఉసిళ్లను అందులోకి తరిమేవారని, వాటిని పిండితో కలిపి వంటకాలు చేసేవారని ఆయన ద్వారా తెలిసింది. ఆయన 1785లో గోదావరి డెల్టాకు దగ్గర్లోనే, కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఇప్పుడు తినదలచుకున్నవారు ఒక్క జాగ్రత్త పాటించాలి. మందు కొట్టిన ఇంట్లోనో దోమల స్ప్రే పడిన చోటనో పోగైన ఉసిళ్లను మనుషులు తినకూడదు, కోళ్లకూ వేయకూడదు.

ఉసిలా, రెక్కల చీమా

వానాకాలంలో చీమలకూ రెక్కలొస్తాయి. మందు కొనే ముందు రెండింటినీ వేరు చేయాలి. తెల్ల కాగితం మీద నాలుగు పురుగులు పెట్టి చూస్తే చాలు. ఉసిలి నడుము మొద్దుగా, ఛాతీ నుంచి పొట్ట దాకా ఒకే వెడల్పులో ఉంటుంది. చీమ నడుము సన్నగా నొక్కినట్టు ఉంటుంది. ఉసిలి మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటే, చీమ మీసాలు మోచేయిలా వంగుతాయి. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, ఒంటికంటే బాగా పొడవు. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి. పురుగులు పోయి రెక్కల కుప్ప మాత్రమే మిగిలినా, అన్నీ ఒకే కొలతలో ఉంటే చెదలేనని తేల్చుకోవచ్చు.

జాతి తెలిస్తే పని ఇంకా సులువవుతుంది. తోటల్లోనూ గట్ల మీదా పుట్టలు పెట్టే చెదల్లో ప్రధానమైనది ఒడోంటోటెర్మిస్ ఒబెసస్. ఇది గూట్లో బూజు తోట పెంచుకుంటుంది. వానల్లో పుట్టల దగ్గర లేచే పెద్ద పుట్టగొడుగులు ఆ బూజువే. దేశంలో ఇళ్లలోని చెక్కను ఎక్కువగా పాడుచేసేవి కోప్టోటెర్మిస్ హైమి, హెటెరోటెర్మిస్ ఇండికోలా అనే నేల చెదలు. వీటికి పైకి కనబడే పుట్ట ఉండదు. ఇవికాక పొడి చెక్క చెదలు వేరే ఉన్నాయి. వాటికి నేలతో పనిలేదు, మట్టి గొట్టాలు కట్టవు, కుర్చీలోనో బీరువాలోనో నివాసముంటాయి. చెక్క కింద ఇసుక రేణువుల్లా ఆరు పలకల సన్నని గుళికలు రాలుతుంటే ఇవేనని గుర్తు. అప్పుడు నేలలో మందు పోయడం వృథా, ఆ సామానుకే చికిత్స చేయాలి.

ఆ రాత్రి, మర్నాడు

ఉసిళ్లు లేచిన సాయంత్రం చేయవలసింది కొంచెమే. లోపలి దీపాలు ఆర్పి, కిటికీలు మూసి, వీధి అరుగు మీద ఒక్క బల్బు వెలిగించి దాని కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడితే బయటివి అటే పోయి పడతాయి. వండుతున్న తిండికి మూతలు పెట్టాలి. పూతరేకుల పొయ్యి వెలిగే ఇళ్లలో ఇది మరీ అవసరం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రేకు పొర ఎంత పలచనంటే, దాని మీద ఒక్క రెక్క అంటుకున్నా తీయబోతే చిరిగిపోతుంది. పిండినీరూ నెయ్యీ తెరిచి ఉంచకూడదు.

దీపాలు ఆర్పాక అసలు పరీక్ష చేయాలి. టార్చి పట్టుకుని గది గదికీ వెళ్లి, తలుపులూ కిటికీలూ మూసిన గదిలో ఇంకా ఉసిళ్లు పుడుతున్నాయేమో చూడాలి. గోడా గచ్చూ కలిసే మూల, ద్వారబంధం అడుగు, స్విచ్‌బోర్డు చుట్టూ, మెట్ల కింద, స్నానాలగది గోడ వెనక వెతకాలి. అవి వస్తున్న చీలిక కనబడితే ఫోటో తీసి పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. ఈ ద్వారం గంట గడిస్తే కూలీలే మట్టితో మూసేస్తారు, మర్నాడు దాన్ని పట్టుకోవడం కష్టం. ఆ చీలికలోకి దోమల స్ప్రేనో కిరసనాయిలో కొట్టాలని చేయి లాగుతుంది. కొట్టకూడదు. కనబడే పదో వందో చస్తాయి, లోపలి వేలకు ఏమీ కాదు. ఆ దారి మూసుకుని గోడలో మరోవైపు నుంచి పైకి వస్తాయి. దొరికిన ఒక్క ఆనవాలూ పోతుంది. కిరసనాయిలుతో నిప్పు భయం అదనం.

మర్నాడు పగలు రెక్కలు ఎక్కడ పడ్డాయో చూడాలి. వీధి దీపం కింద, వరండాలో, కిటికీకి బయటివైపు పడి ఉంటే అవి బయటివే. మూసి ఉన్న కిటికీ లోపలి గట్టు మీద, సాలెగూళ్లలో, ఒక్క గది మూలలోనే పోగై ఉంటే అవి లోపల పుట్టి బయటి వెలుగు కోసం కొట్టుకున్నవి. అలాంటి గదిలో స్క్రూడ్రైవర్ పిడితో ద్వారబంధాన్ని అడుగు నుంచి తడుతూ పోవాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట మొనతో గుచ్చితే దిగబడుతుంది. రంగు మాత్రం చెక్కుచెదరదు, ఎందుకంటే చెద పై పొరను వదిలి లోపలే తింటుంది. గోడ మీద పెన్సిల్ మందాన పాకిన మట్టి గొట్టాలు ఉంటే వాటిని చీపురుతో ఊడ్చేయకూడదు. నడిమిన రెండంగుళాల మేర విరిచి వదిలేయాలి. రెండు మూడు రోజుల్లో ఆ ఖాళీని తడి మట్టితో పూడ్చితే గూడు పనిచేస్తోందని అర్థం. మందు పోశాక ఫలితం తెలుసుకోవడానికీ ఇదే కొలమానం.

ఒక గది లెక్క

ఆత్రేయపురంలో ఉండదగ్గ ఒక ఇల్లు తీసుకుందాం. ముందు డాబా, వెనక పూతరేకులు చేసే పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది. గది బయటి గోడకు ఆనించి పొయ్యిలో వేసే ఎండు కొబ్బరాకు, మట్టలు చూరు దాకా పేర్చారు. లోపల అదే గోడకు బియ్యం బస్తాలు చేర్చారు. వాన వెలిసిన రాత్రి పెరటి ద్వారబంధం అడుగు నుంచి ఉసిళ్లు లేచాయి. బస్తాలు జరిపి చూస్తే గచ్చు పగులు నుంచి రెండు మట్టి గొట్టాలు, బంధం ఎడమ నిలువు మోకాలెత్తు దాకా డొల్ల.

మొదటి పని మందు కాదు. కొబ్బరాకు మోపును గోడకు నాలుగడుగుల ఎడంగా, ఇటుకల మీద ఎత్తుగా పెట్టిన కర్రల పైకి మార్చాలి. మోపు కింద నేలలో చెద ఉంటే అదే ఇంట్లోకి వంతెన అయింది. బస్తాలను చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టాలి. చూరు నీరు గోడ మొదట్లో పడకుండా గొట్టం వేయాలి. స్నానాలగది కారుతుంటే బాగుచేయించాలి. తడీ తిండీ తగ్గిస్తే మందుకు చేయవలసిన పని తగ్గుతుంది.

ఆ తర్వాతే మందు. కట్టిన ఇళ్లకు పాటించే భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం. దాని ప్రకారం గోడా గచ్చూ కలిసేచోట పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగుకొకటి చొప్పున, గచ్చు కింది మట్టి తగిలే దాకా దించి, ఒక్కో దానిలో లీటరు మించకుండా మందునీరు పోసి సిమెంటుతో మూయాలి. మన గది చుట్టుకొలత 44 అడుగులు, అంటే 44 రంధ్రాలు, గరిష్ఠంగా 44 లీటర్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతారు. కాబట్టి ఈ గదికి పట్టే మందు 92 మిల్లీలీటర్లు మాత్రమే. ఇదే వరసలో బయటి గోడ మొదట్లోనూ నేలలో రంధ్రాలు వేసి పోయాలి, లేకపోతే బయటి దారి అలాగే ఉంటుంది. ద్వారబంధానికి ఆరు మిల్లీమీటర్ల రంధ్రాలు అరడుగు ఎడంలో, కిందికి ఏటవాలుగా వేసి చెక్కకు వాడే నూనె మందు ఎక్కించాలి. మోకాలెత్తు దాకా డొల్లబడిన నిలువును మందు తిరిగి గట్టిపరచదు. ఆ ముక్కను వడ్రంగి చేత కోయించి మార్పించాలి. అయితే నేలకు మందు పడ్డాకే మార్చాలి, లేకపోతే కొత్త చెక్కకూ చెద పడుతుంది.

తిండి తయారయ్యే గది గనుక బియ్యం, నెయ్యి, బెల్లం, కుండలు అన్నీ ముందే తీసేసి, రంధ్రాలు మూసి గచ్చు కడిగాకే పొయ్యి వెలిగించాలి. పనిచేసేవాళ్లు లైసెన్సు ఉన్నవారై ఉండాలి. ఏ మందు వాడుతున్నారో, ఎంత శాతానికి కలుపుతున్నారో డబ్బా చూసి రాసుకోవాలి. మోసం ఎక్కువగా ఈ కలపడంలోనే జరుగుతుంది. రంధ్రానికి లీటరు పోయవలసినచోట పావు లీటరుతో సరిపెట్టడం, రంధ్రాన్ని గచ్చు మందంలోనే ఆపేయడం కూడా చూస్తుంటాం. 44 లీటర్ల నీరు కొలిచి పెట్టి, పని అయ్యేసరికి ఎంత మిగిలిందో చూస్తే చాలు, అబద్ధం దాగదు.

డెల్టాలో హద్దులు

ఎప్పుడు పోయించాలన్నది ఇక్కడ మందు ఎంపిక కంటే పెద్ద ప్రశ్న. తొలకరి తర్వాత కాలువలు నిండాక నేల నీరు తాగి ఉంటుంది. రంధ్రంలో పోసిన మందు మట్టికి పట్టక పైకి తన్నుతుంది, లేదా పలచబడి పక్కకు పోతుంది. రంధ్రంలో పోసిన నీరు ఇంకకుండా నిలిచిపోతే ఆ రోజు పని ఆపెయ్యాలి. చెద నెమ్మదిగా తినే పురుగు. జూన్‌లో కనబడిన గూటికి కొన్ని నెలలు ఆగి మందు వేసినా ఇల్లు కూలదు. ఉసిళ్లు లేచిన మర్నాడే చేయించకపోతే ఇంటికే ముప్పు అని తొందరపెట్టేవారి మాట వినవలసిన పనిలేదు. ఈలోగా మోపు జరపడం, తడి ఆపడం, గొట్టం విరిచి చూడటం సాగించవచ్చు. వానలు వెనకబట్టి నేల ఆరిన శీతకాలమో, కాలువ కట్టిన వేసవో మందుకు సరైన సమయం. దూలమో వాసమో బరువు మోసే చెక్క డొల్లబడితే మాత్రం ఆగకూడదు. దానికి వెంటనే ఆసరా పెట్టించి, తర్వాత మిగతాది ఆలోచించాలి.

రెండో హద్దు నీళ్లది. డెల్టాలో బోరూ బావీ తక్కువ లోతులోనే నీరిస్తాయి. తాగునీటి బావి పక్క గోడకు నేల మందు పోయకపోవడమే మంచిది. అక్కడ మట్టి గొట్టాలు తీసేసి, పగుళ్లు పూడ్చి, చెక్కకు మాత్రం చికిత్స చేయాలి. చెదకు వాడే మరో మందు బైఫెన్‌త్రిన్ చేపలకు తీవ్రమైన విషం. ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకూ రొయ్యల వంటి జీవాలకూ ప్రమాదకరం. పక్కన చెరువో కాలువో ఉంటే డబ్బాలు అందులో కడగకూడదు, మిగిలిన మందునీరు అందులో పారబోయకూడదు.

నేలలో మందు పోయడానికి వీల్లేని ఇళ్లకు ఎర పద్ధతి ఉంది. చెద కూలీలు తిని గూటికి మోసుకుపోయేలా, పురుగు చర్మం వదిలే పనిని ఆపే మందు కలిపిన చెక్కగుజ్జును పెట్టెల్లో పాతుతారు. ఇది పనిచేయడానికి నెలలు పడుతుంది, నడుమ మళ్లీ మళ్లీ వచ్చి చూడాలి. కోప్టోటెర్మిస్ మీద బాగా పనిచేస్తుంది. బూజు తోట పెంచే ఒడోంటోటెర్మిస్ ఎరను అంతగా ముట్టదు. అందువల్ల సైనిక చెదలను నాలుగైదు సీసాలో పట్టి కీటకశాస్త్రం తెలిసినవారికి చూపించాకే ఎరకు డబ్బు పెట్టాలి.

పెరట్లో పుట్ట ఉంటే తవ్వించాలా అన్నది చాలామందిని వేధించే ప్రశ్న. నాగుల చవితికి పాలు పోసే పుట్టను తవ్వడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అలా తవ్వవలసిన అవసరమూ సాధారణంగా లేదు. ఇంట్లో చెక్క తింటున్నది ఆ పుట్టదే అన్న రూఢి ఉండదు. పుట్టకూ గోడకూ మధ్య నేలను శుభ్రంగా ఉంచి, గోడ మొదట్లో మందు కట్టు వేస్తే పుట్టను దానిపాటికి వదిలేయవచ్చు.

మందు పడ్డాక నెలకోసారి విరిచిన గొట్టాలు చూడాలి. అవి పొడిగా, పూడకుండా ఉంటే పని జరిగినట్టు. మరుసటి తొలకరికి మళ్లీ ఉసిళ్లు కనబడితే వెంటనే మందు ఓడిందనుకోకూడదు. పాత పెన్సిల్ గుర్తు దగ్గర, మూసిన గది లోపల రెక్కలు పోగైతే ఓడినట్టు. వీధి దీపం కింద పడితే ఊరివి.

కొత్తగా కట్టేవాళ్లకు ఇదంతా చాలావరకు తప్పుతుంది. పునాది గోతుల్లోనూ, ప్లింత్‌లో నింపిన మట్టి మీద గచ్చు వేసే ముందూ చదరపు మీటరుకు అయిదు లీటర్ల చొప్పున, పునాది గోడల పక్క నింపే మట్టికి గోడ చదరపు మీటరుకు ఏడున్నర లీటర్ల చొప్పున మందునీరు పోయాలని ఐఎస్ 6313 రెండో భాగం చెబుతుంది. అంతకంటే తేలికైన పని ఇంకొకటి ఉంది. సెంట్రింగ్ చెక్క ముక్కలు, గూటాలు, సిమెంటు సంచుల కాగితం మెట్ల కిందా ప్లింత్ మట్టిలోనూ పూడ్చేయడం తాపీపని జరిగేచోట తరచూ కనిపిస్తుంది. గచ్చు వేయబోయే రోజు ఉదయం యజమాని దగ్గరుండి ఆ చెక్కంతా ఏరించి బయట పడేయించాలి.